ఇంజిన్ కూలింగ్, పాఠం 4: రేడియేటర్ మూత ఎన్ని డిగ్రీలు కాపాడుతుంది?

కిందటి పాఠంలో థర్మోస్టాట్ చూశాం. ఈసారి మూత తీసి చేతిలో పెట్టుకోండి, బండి పూర్తిగా చల్లారాకే సుమా. పైన 0.9 అనో 1.1 అనో ఉంటుంది. బయటి గాలి పీడనం కంటే అన్ని బార్లు ఎక్కువయ్యేదాకా లోపలి స్ప్రింగు మూతను తెరుచుకోనివ్వదన్నమాట. పని ప్రెషర్ కుక్కర్‌దే. 0.9 మూత కింద మామూలు నీళ్లు 100 దగ్గర కాకుండా 118 డిగ్రీల దాకా మరగవు. కూలెంటు, నీళ్లు సగంసగం కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు కలిసొస్తాయి. అంటే మూత ఇచ్చేది పద్దెనిమిది, కూలెంటు ఇచ్చేది ఎనిమిది. చాలామంది కూలెంటు మార్చి, మూత సంగతి మరిచిపోతారు.

ఇప్పుడొక లెక్క. విజయనగరంలో సరుకు ఎత్తుకుని మే నెల మధ్యాహ్నం సాలూరు ఘాట్ ఎక్కే వ్యాను ఉందనుకుందాం. మొత్తం 8 లీటర్లు పడుతుంది, మొదట్లో కూలెంటు 4 లీటర్లు. కారడం వల్ల రెండు లీటర్లు తగ్గితే కుళాయి నీళ్లు పోశారు: మిగిలిన కూలెంటు 3 లీటర్లు. మళ్లీ అలాగే చేశారు: రెండుంపావు. కూలెంటు వాటా 28 శాతానికి దిగింది, మరిగే హద్దులో నాలుగైదు డిగ్రీలు పోయాయి. పైగా మూత రబ్బరు గట్టిపడి 0.3 దగ్గరే వదిలేస్తోంది. హద్దు ఒక్కసారిగా 110కి పడిపోయింది. చలికాలంలో ఇదే బండి నడిచిపోతుంది. వేసవిలో బయటి గాలే 42 డిగ్రీలుంటే రేడియేటర్ వేడిని అంత తొందరగా వదలలేదు. ఘాట్‌లో రెండో గేరులో కూలెంటు వేడి ఆ హద్దును తాకేస్తుంది. హెడ్ దగ్గర ఆవిరి బుడగలు పడతాయి. ఆవిరి తగిలిన చోట లోహం చల్లబడదు, గాస్కెట్ పోయేది అక్కడే. నీటి మట్టం వేడి సెన్సర్ కంటే కిందికి దిగితే మీటరు ముల్లు తగ్గినట్టు కూడా చూపిస్తుంది, నమ్మకండి.

రిపేరు ఇలా. ముందు మూత: రబ్బరు మీద పగుళ్లు, గాడి పడ్డ గుర్తు ఉంటే అదే అంకె ఉన్న కొత్తది వేయాలి. పెద్ద అంకె మూత వేస్తే పాత హోసులు, రేడియేటర్ అతుకులు తట్టుకోలేవు. మధ్యలోని చిన్న వాల్వు వేలితో లాగితే తెరుచుకుని తిరిగి మూసుకోవాలి. అది పట్టేసిందంటే బండి చల్లారాక పై హోసు లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తుంది.

తర్వాత పాళ్లు. కారే చోటు మూసి, చల్లటి ఇంజిన్‌లోంచి దాదాపు రెండున్నర లీటర్లు తీసి, అన్నే లీటర్ల గాఢ కూలెంటు పోస్తే మళ్లీ సగంసగం అవుతుంది. ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంటుతో ఈ లెక్క కుదరదు, అప్పుడు మొత్తం ఖాళీ చేసి అదే నింపాలి. 60 శాతం దాటించకండి: మరిగే హద్దు పెరిగినా వేడిని మోసే శక్తి తగ్గుతుంది. ఇక నీళ్లు పోయాల్సి వస్తే డిస్టిల్డ్ వాటరే వాడండి, బోరు నీళ్లు సన్నటి గొట్టాల్లో పొర కడతాయి.

వేడి బండి మూత ఎందుకు తీయకూడదో ఇప్పుడు మీకే తెలుస్తుంది. 115 డిగ్రీల నీటి మీద నుంచి ఒత్తిడి పోగానే అది ఆ క్షణమే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

అభ్యాసం: 6 లీటర్ల బండిలో సగంసగం ఉంది. ఒకటిన్నర లీటరు కారితే నీళ్లే పోశారు. ఇప్పుడు కూలెంటు ఎంత శాతం? జవాబు పాఠం 5లో, ఫ్యాన్‌తో పాటు.