యాప్‌లో తొలగించిన మెసేజ్‌ను ఈమెయిల్ కాపీలో చదవడం ఎలా?

తిరుపతిలో మా కంప్యూటర్ సెంటర్‌కు రెజ్యూమె ప్రింట్ల కోసం వచ్చే కుర్రాళ్లలో పుత్తూరు నుంచి వచ్చిన డిప్లొమా విద్యార్థి ఒకడు ఆ రోజు చాలా కంగారుగా ఉన్నాడు. ఉద్యోగాలు ఇప్పించే మధ్యవర్తి ఒకరు ముందురోజు లింక్డ్‌ఇన్‌లో అతనికి జీతం, చేరాల్సిన తేదీ రాసి పంపారు. సాయంత్రం ఫోన్ చేసి జీతం తగ్గించి చెప్పారు. పైగా ఐదు వేలు డిపాజిట్ కట్టమన్నారు. కుర్రాడు యాప్ తెరిచి చూస్తే మెసేజ్ ఉండాల్సిన చోట తొలగించినట్టు ఒక గుర్తు మాత్రమే మిగిలింది. “అన్నా, రాసింది నేను కళ్లారా చూశాను. ఇప్పుడు ఎలా చూపించాలి?” అన్నాడు.

అతని జీమెయిల్‌లో ఆ మెసేజ్ చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని ఎలా పట్టుకున్నామో, అలాంటి కాపీని ఎలా భద్రం చేసుకోవాలో వివరంగా చెబుతాను.

కాపీ ఎందుకు మిగులుతుంది?

మీకు మెసేజ్ రాగానే కొన్ని యాప్‌లు ‘మీకు ఫలానా వారు రాశారు’ అని ఒక ఈమెయిల్ పంపుతాయి. చాలాసార్లు ఆ మెయిల్‌లో మెసేజ్ పాఠం కూడా ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో పంపినవారు అరవై నిమిషాల లోపు తమ మెసేజ్‌ను తొలగించవచ్చు, మార్చవచ్చు. కానీ వారు తొలగించేది యాప్‌లోని కాపీని మాత్రమే. అప్పటికే మీ మెయిల్ పెట్టెకు చేరిన ఉత్తరాన్ని వెనక్కి లాక్కునే దారి వారికి లేదు. మెసేజ్‌ను మార్చినప్పుడూ ఇదే జరుగుతుంది. యాప్‌లో కొత్త పాఠం కనిపిస్తుంది, మెయిల్‌లో మొదట రాసినదే ఉంటుంది.

వెదకడం

ఆ కుర్రాడు అప్పటికే మెయిల్‌లో ‘జీతం’ అని వెదికి, ఏమీ దొరక్క ఆశ వదులుకున్నాడు. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. జీమెయిల్ సాధారణంగా పూర్తి పదాన్నే పోల్చి చూస్తుంది కాబట్టి ‘జీతం’ అని కొడితే ‘జీతానికి’ అన్న మాట దొరక్కపోవచ్చు. పైగా మనవాళ్లు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు, అదీ ఒక్కొక్కరు ఒక్కోలా. అందుకే మాటను వదిలేసి, పంపిన సంస్థనూ తేదీనీ పట్టుకోండి. మెసేజ్ వచ్చింది 2025 జూన్ 10న. అటూ ఇటూ ఒక్కో రోజు వదిలి ఇలా వెదికాం:

```
from:linkedin.com after:2025/06/09 before:2025/06/12 in:anywhere
```

చివర ఉన్న `in:anywhere` ముఖ్యం. అది లేకపోతే స్పామ్‌లోనూ చెత్తబుట్టలోనూ ఉన్న మెయిళ్లు ఫలితాల్లోకి రావు. ఆ రెండు చోట్లా మెయిల్ ముప్పై రోజులే ఉంటుంది, ఆ తర్వాత తనంతట తానే పోతుంది. కాబట్టి ఈ పని రేపటికి వాయిదా వేయకండి.

తొమ్మిది మెయిళ్లు వచ్చాయి. ఎనిమిది ఉద్యోగ ప్రకటనలే. తొమ్మిదోది చెత్తబుట్టలో దొరికింది. ప్రకటనలు తుడిచేస్తూ దాన్నీ తుడిచేశాడు. తెరిస్తే ఇలా ఉంది: “jeetham 21500, food bus free, 16th join avvali, deposit em ledu.” ఆ చివరి మూడు మాటలూ చదవగానే కుర్రాడి ముఖం తేటపడింది.

పూర్తిగా చదవడం

దొరికిన మెయిల్‌ను వెంటనే చెత్తబుట్ట నుంచి ఇన్‌బాక్స్‌కు మార్చండి. ఒకే విషయ పంక్తితో వచ్చిన మెయిళ్లను జీమెయిల్ ఒకే దొంతరగా చూపిస్తుంది, అందులో మళ్లీ మళ్లీ వచ్చిన పాఠాన్ని మూడు చుక్కల వెనుక దాచేస్తుంది. మెసేజ్ సగమే ఉందనిపిస్తే ముందు ఆ చుక్కలు నొక్కి చూడండి. అప్పటికీ సగమే ఉంటే, యాప్ పంపిందే అంత అని అర్థం. ఫొటోలు, ఫైళ్లు సాధారణంగా మెయిల్‌లోకి రావు, వాటికి లంకె మాత్రమే ఉంటుంది. ఆ లంకె నొక్కితే మళ్లీ యాప్‌లోకే వెళ్తారు, అక్కడ ఏమీ ఉండదు.

అసలుదేనా, ఎప్పటిది?

నోటిఫికేషన్‌లా కనిపించే దొంగ మెయిళ్లు చాలా తిరుగుతుంటాయి. అందుకని లోపలి వివరాలు చూడాలి. దీనికి కంప్యూటర్ బ్రౌజర్ కావాలి. మెయిల్ కుడి పక్కన ఉన్న మూడు చుక్కలు నొక్కి `Show original` ఎంచుకోండి. పైన ఒక చిన్న పట్టిక వస్తుంది. అందులో `SPF`, `DKIM`, `DMARC` అన్న మూడు తనిఖీల ఎదుటా `PASS` అని ఉండి, పంపిన చిరునామాలో `@` తర్వాత `linkedin.com` లాగా సరిగ్గా ఆ సంస్థ సైటు పేరే ఉంటే అది నిజంగా అక్కడి నుంచే వచ్చినట్టు. అక్షరం తేడా ఉన్నా నమ్మకండి.

కింద `Date:` అన్న పంక్తిలో సమయం మన గడియారం ప్రకారం ఉండకపోవచ్చు. మా మెయిల్‌లో ఇలా ఉంది:

```
Date: Tue, 10 Jun 2025 04:12:35 +0000
```

`+0000` అని ఉంటే ఐదున్నర గంటలు కలపాలి. అంటే ఇక్కడ ఉదయం 9:42. ఈ లెక్క వేయకపోతే తెల్లవారుజామున నాలుగింటికి మెసేజ్ వచ్చిందని చెప్పి మీరే అభాసుపాలవుతారు.

దాచుకోవడం

స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. దాన్ని ఎవరైనా తయారు చేయవచ్చన్న మాట వెంటనే వస్తుంది. అదే మూడు చుక్కల్లో `Download message` నొక్కితే `.eml` ఫైలు వస్తుంది. పైన చూసిన వివరాలన్నీ అందులో ఉంటాయి. ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లో ఒకచోట, మరోచోట ఇంకొకటి పెట్టుకోండి. అసలు మెయిల్‌ను మాత్రం తొలగించకండి. మరొకరికి ఫార్వర్డ్ చేస్తే ఆ కాపీలో పంపినవారిగా మీరే కనిపిస్తారు కాబట్టి అది అసలుకు సాటి రాదు. వ్యవహారం కోర్టు దాకా వెళ్తే 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం కావాలి. అది న్యాయవాది చూసుకునే పని.

ముందే సిద్ధం చేసుకోవాల్సింది

మెయిల్ నోటిఫికేషన్ ఆపేసి ఉంటే ఇవేవీ పనికిరావు, గడిచిన మెసేజ్‌లకు ఇప్పుడు కాపీ పుట్టదు. లింక్డ్‌ఇన్ సెట్టింగ్స్‌లో `Notifications`, అందులో `Messaging` తెరిచి `Email` ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత ఒక స్నేహితుడితో రెండు మూడు పంక్తుల మెసేజ్ పెట్టించి, కాసేపాగి తొలగించమనండి. మెయిల్ వచ్చిందా, ఎంత ఆలస్యంగా వచ్చింది, పాఠమంతా ఉందా అన్నది అప్పుడే తేలుతుంది. ఏ యాప్ విషయంలోనైనా ఈ పరీక్ష చేయకుండా నమ్ముకోవద్దని నేను గట్టిగా చెబుతాను. మీరు యాప్‌లోనే ఉండి మెసేజ్ చదివేస్తే కొన్ని యాప్‌లు మెయిల్ పంపవు. మెయిల్ బయలుదేరకముందే పంపినవారు తొలగించినా మీకేమీ రాదు.

వాట్సాప్, సిగ్నల్ లాంటివి మెసేజ్‌లను మెయిల్‌కు పంపవు, వాటి దగ్గర ఈ దారి లేదు. మీరు పంపిన మెసేజ్‌లకూ నోటిఫికేషన్ మెయిల్ రాదు. మీకు వచ్చినవే దొరుకుతాయి. ఇదంతా మీ సొంత మెయిల్ పెట్టె గురించే. ఇంట్లోవాళ్లదైనా సరే, వారి అనుమతి లేకుండా తెరవకూడదు.

ఆ కుర్రాడు మధ్యవర్తికి ఫోన్ చేసి, మెయిల్‌లోని మాటలు తేదీ, సమయంతో సహా చదివి వినిపించాడు. అవతల ఫోన్ పెట్టేశారు, మళ్లీ ఎత్తలేదు. డిపాజిట్ కట్టలేదు కాబట్టి డబ్బు పోలేదు. పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, ఆ ఫైలును ఫిర్యాదుతో ఇవ్వాల్సి వచ్చేది. వెళ్లేముందు జీమెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టించాను. మెసేజ్ మెయిళ్లు వచ్చే చిరునామాను అందులో ఇచ్చి, `Never send it to Spam` టిక్కు చేసి, ‘ఉద్యోగం మెసేజ్‌లు’ అని లేబుల్ తగిలించాం. ఇక ప్రకటనలతో పాటు వాటినీ తుడిచేసే ప్రమాదం అతనికి తగ్గింది.