చార్జ్‌బ్యాక్ వేశాక అకౌంట్ లాక్ అయి, సబ్‌స్క్రిప్షన్ మాత్రం ఆగకపోతే

సమస్య సాధారణంగా ఇట్లా కనిపిస్తుంది. నెలనెలా పైసలు కట్ అవుతున్న ఒక యాప్‌నో, సాఫ్ట్‌వేర్‌నో ఆపాలనుకున్నారు. క్యాన్సిల్ బటన్ వెంటనే దొరకలేదు. బ్యాంకు యాప్‌లో ఆ డెబిట్ మీద డిస్ప్యూట్, అంటే చార్జ్‌బ్యాక్, వేశారు. కొన్ని రోజులకు పైసలు వెనక్కి వచ్చాయి, పని అయిపోయిందనుకున్నారు. తర్వాత మూడింటిలో ఒకటి జరిగింది: లాగిన్ కావడం లేదు, లేదా వచ్చే నెల మళ్లీ డెబిట్ అయ్యింది, లేదా బాకీ కట్టమని మెయిల్ వచ్చింది. మూడూ ఒకేసారి కూడా రావచ్చు.

ముందుగా చూడాల్సినది ఒక్కటే, ఎక్కువ మంది వదిలేసేది కూడా అదే: సబ్‌స్క్రిప్షన్‌ను నిజంగా క్యాన్సిల్ చేశారా? ఫలానా తేదీ నుంచి రద్దయిందని కంపెనీ నుంచి మెయిల్ ఉందా? లేకపోతే కారణం దొరికినట్టే. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే అది క్యాన్సిల్ కాదు. ప్లే స్టోర్ ద్వారా తీసుకున్నదైతే ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి, Payments & subscriptions లోపల Subscriptions తెరిచి అక్కడ రద్దు చేయాలి. ఐఫోన్‌లో అయితే Settings పైన మీ పేరు నొక్కితే Subscriptions కనిపిస్తుంది.

చార్జ్‌బ్యాక్ ఏం చేస్తుంది, ఏం చేయదు

చార్జ్‌బ్యాక్ ఒక్క లావాదేవీ మీద వేసే ఫిర్యాదు. ఉదాహరణకు జులై 5న పోయిన పైసల గురించి మీ బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ ద్వారా, అమ్మినవాళ్ల బ్యాంకును అడుగుతుంది. అంతవరకే దాని పని. మీకూ కంపెనీకీ మధ్య ఉన్న ఒప్పందం జోలికి బ్యాంకు పోదు. పాలాయనకు ఒక నెల పైసలు ఆపినంత మాత్రాన తెల్లారి పాలు రావడం ఆగదు. వద్దని ఆయనకు చెబితేనే ఆగుతుంది. ఇక్కడ చెప్పాల్సింది కంపెనీకి.

మధ్యలో మూడోది ఇంకొకటుంది, మ్యాండేట్. మొదటిసారి ఓటీపీ కొట్టి కార్డు ఇచ్చినప్పుడు, ఇక ముందు ఆటోమేటిక్‌గా తీసుకోవచ్చని బ్యాంకులో మీరు నమోదు చేసిన అనుమతి అది. చార్జ్‌బ్యాక్ దాన్ని రద్దు చేయదు. అందుకే బ్యాంకు ఒక నెల పైసలు తిరిగి ఇచ్చినా, వచ్చే నెల అదే కార్డు నుంచి మళ్లీ పోతాయి. గుర్తుపట్టడం సులభం: రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. చార్జ్‌బ్యాక్ తర్వాత కూడా ఆ మెసేజ్ వస్తోందంటే మ్యాండేట్ బతికే ఉంది.

అసలు దెబ్బ కొట్టేది: "ఈ లావాదేవీ నేను చేయలేదు"

బ్యాంకు యాప్‌లో డిస్ప్యూట్ వేసేటప్పుడు కారణం అడుగుతుంది. లిస్టులో పైనే కనిపిస్తుందనో, తొందరగా పైసలు వస్తాయనో చాలామంది "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్నది నొక్కుతారు. క్యాన్సిల్ చేయడానికి ఇది దగ్గరి దారి అనిపిస్తుంది, కానీ మీరు బ్యాంకుకు చెప్పింది మాత్రం కార్డును ఎవరో దొంగిలించి వాడారని. అక్కడి నుంచి ప్రతి ఒక్కరూ దొంగతనం జరిగినట్టే నడుచుకుంటారు. బ్యాంకు కార్డును బ్లాక్ చేస్తుంది. కంపెనీ మీ అకౌంట్‌ను దొంగ కార్డుతో నడుస్తున్న అకౌంట్‌గా లెక్కగట్టి లాక్ చేస్తుంది. చాలా కంపెనీల షరతుల్లో ఈ హక్కు ముందే రాసి ఉంటుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. దేవరకొండలో పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో అనుకోండి. జనవరి 5న ఫోటో ఎడిటింగ్ ప్లాన్ తీసుకున్నారు, నెలకు 900 రూపాయలు. అది నెలవారీ ప్లాన్ కాదు, నెలనెలా కట్టే సంవత్సరం ప్లాన్, మొత్తం 10,800. చిన్న అక్షరాల్లో ఉన్న ఈ సంగతి కొనేటప్పుడు చాలామంది చూడరు. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు, పని లేదు, ఆపేద్దామనుకున్నారు. జులై 5న 900 పోయాయి. జులై 8న బ్యాంకు యాప్‌లో "నేను చేయలేదు" అని డిస్ప్యూట్ వేశారు. కార్డు బ్లాక్ అయ్యింది, కొత్త కార్డు వచ్చింది, 900 తాత్కాలికంగా జమ అయ్యాయి. ఆగస్టులో డెబిట్ కాలేదు కాబట్టి పీడ పోయిందనుకున్నారు.

కంపెనీ వైపు చూడండి. కార్డు వీసా అయితే, 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఒక నియమం ఉంది. ఇలాంటి ఫిర్యాదు వస్తే, అదే కార్డు మీద 120 నుంచి 365 రోజుల కింద జరిగిన, ఎవరూ అభ్యంతరం పెట్టని రెండు పాత లావాదేవీలను కంపెనీ చూపించవచ్చు. వాటిలోనూ ఈ లావాదేవీలోనూ రెండు వివరాలు కలవాలి, అందులో ఒకటి ఐపీ అడ్రస్ గానీ కంప్యూటర్ గుర్తింపు గానీ కావాలి. జులై 8 నుంచి 120 రోజులు వెనక్కి పోతే మార్చి 10. అంటే జనవరి 5, ఫిబ్రవరి 5, మార్చి 5 డెబిట్లు మూడూ పనికొస్తాయి, కావాల్సింది రెండే. స్టూడియోలో అదే కంప్యూటర్, అదే లాగిన్. ఆ మూడు నెలలు ఊరుకుని జులైది మాత్రం నేను చేయలేదంటే నిలబడదు. డిస్ప్యూట్ ఓడిపోతుంది, జమ అయిన 900 తిరిగి పోతాయి.

అంతలో అకౌంట్ లాక్ అయ్యింది. ఆ ప్లాన్‌తో వచ్చిన క్లౌడ్‌లో పెళ్లివాళ్లకు ఇంకా ఇవ్వని ఆల్బమ్ ఫోటోలున్నాయి. ఇప్పుడు క్యాన్సిల్ బటన్ కూడా ఆ తాళం లోపలే ఉంది. లాక్ అయితే సబ్‌స్క్రిప్షన్ దానంతటదే పోతుందనుకుంటారు, అది కంపెనీ సెట్టింగ్‌ను బట్టి ఉంటుంది. డిస్ప్యూట్ రాగానే రద్దు చేసేవాళ్లున్నారు, బిల్లింగ్‌ను అట్లాగే నడవనిచ్చేవాళ్లూ ఉన్నారు. రెండో రకమైతే ఆగస్టు 900, సెప్టెంబర్ 900 బాకీ పుస్తకంలో ఎక్కుతూనే ఉంటాయి. కార్డు బ్లాక్ కావడం డెబిట్‌ను ఆపింది, ప్లాన్‌ను కాదు.

ఇప్పటికే ఇందులో ఇరుక్కుంటే

మొదట మ్యాండేట్ తీసేయండి. కార్డుదైతే బ్యాంకు యాప్‌లోనో నెట్ బ్యాంకింగ్‌లోనో ఈ-మ్యాండేట్ లేదా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అనే చోట ఉంటుంది. కొన్ని బ్యాంకులు SI Hub అనే వెబ్‌సైట్‌కు పంపుతాయి. రద్దు చేసేటప్పుడు కూడా ఓటీపీ వస్తుంది, అది కొట్టాకే రద్దయినట్టు. మధ్యలో వదిలేసి రద్దయిందనుకునేవాళ్లు ఎందరో. యూపీఐ అయితే ఫోన్‌పే, గూగుల్ పేలలో ప్రొఫైల్ లోపల Autopay ఉంటుంది. అందులో Pause కాకుండా పూర్తిగా రద్దు ఎంచుకోండి.

తర్వాత కంపెనీకి మెయిల్, అకౌంట్‌లో నమోదైన మెయిల్ ఐడీ నుంచే. ఈ సంగతులు చాలు: కార్డు చివరి నాలుగు అంకెలు, డిస్ప్యూట్ వేసిన లావాదేవీ తేదీ, మొత్తం, డిస్ప్యూట్ వెనక్కి తీసుకుంటున్నానన్న మాట, ఈ రోజు నుంచి ప్లాన్ రద్దు చేయమన్న కోరిక, బాకీ ఎంతో, ఫైళ్లు దించుకోవడానికి ఎన్ని రోజులు ఇస్తారో చెప్పమని. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకకండి, అక్కడ దొంగ నంబర్లు మస్తుగా ఉంటాయి. యాప్‌లో గానీ కంపెనీ సొంత సైటులో గానీ ఉన్న దారిలోనే పోండి.

డిస్ప్యూట్ ఇంకా నడుస్తుంటే వెనక్కి తీసుకుంటున్నట్టు బ్యాంకుకు చెప్పి, దానికి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. ఆ కాగితం కంపెనీకి పంపడం చాలా ముఖ్యం. మీరు డిస్ప్యూట్ వెనక్కి తీసుకున్నా కంపెనీ తన గడువులోపల ఆధారం దాఖలు చేయాల్సి రావచ్చు, అప్పుడు ఈ కాగితమే పనికొస్తుంది. పైసలు కంపెనీకి చేరడానికి వారాలు పట్టవచ్చు, అప్పటిదాకా తాళం తీయకపోవచ్చు. లాక్ తీసిన రోజే ముందు ఫైళ్లు దించుకుని, ఆ తర్వాత క్యాన్సిల్ నొక్కి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి.

ఇంకా డిస్ప్యూట్ వేయకపోతే

వరుస ఇది: ముందు క్యాన్సిల్, తర్వాత మ్యాండేట్ రద్దు, తర్వాత రీఫండ్ అడగడం. క్యాన్సిల్ చేశాక కూడా పైసలు తీసుకుని, రీఫండ్ ఇవ్వకపోతే అప్పుడు చార్జ్‌బ్యాక్. అది మీ హక్కు, అక్కడ భయపడాల్సిన పని లేదు. అయితే కారణం సరిగా ఎంచుకోవాలి: రద్దు చేసిన సబ్‌స్క్రిప్షన్‌కు డెబిట్ అయ్యిందని. వీసాలో దీనికి వేరే కోడే ఉంది, 13.2, Cancelled Recurring Transaction. ఇందులో గెలిపించేది ఒక్కటే, మీ రద్దు తేదీ డెబిట్ తేదీకంటే ముందు ఉండటం. 4న రద్దు, 5న డెబిట్ అయితే కేసు గట్టిది. 5న డెబిట్, 6న రద్దు అయితే ఆ నెల పైసలు మర్చిపోండి. సంవత్సరం ప్లాన్ అయితే మధ్యలో ఆపినందుకు రుసుము ఉందేమో షరతుల్లో చూడండి, మ్యాండేట్ తీసేసినా ఆ బాకీ పోదు.

క్యాన్సిల్ బటన్‌నే కంపెనీ కావాలని దాచిపెడితే అది వేరే సంగతి. కొనేవాళ్లను మాయచేసే డిజైన్ల మీద, అంటే డార్క్ ప్యాటర్న్స్ మీద, 2023 నవంబర్ 30న వచ్చిన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల్లో సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ పేరుతోనే అది నిషిద్ధం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. తప్పు బ్యాంకుదై, రాతపూర్వక ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టొచ్చు.

అరుదైనవి

నిజంగానే ఎవరో కార్డు వాడితే పైన రాసిందేదీ వర్తించదు: వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. తప్పు బ్యాంకుదీ మీదీ కానప్పుడు మూడు పని దినాల్లోపల బ్యాంకుకు తెలిపితే నష్టం మీ మీద పడదు. ఒకే యాప్‌కు రెండు మెయిల్ ఐడీలతో రెండు ప్లాన్లు ఉండటం, ఇంట్లో పిల్లల అకౌంట్‌కు మీ కార్డు ఇచ్చి మరిచిపోవడం కూడా అప్పుడప్పుడు ఉంటుంది. డిస్ప్యూట్ వేసేముందు ఇంట్లో అందరి ఫోన్లలో సబ్‌స్క్రిప్షన్ లిస్టు ఒకసారి తెరిచి, డెబిట్ తేదీతో, మొత్తంతో సరిచూసుకోండి.