మొదటి వాక్యంలో పట్టుకున్న 'వుడ్'ని మధ్యలో వదలకండి: ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్‌కి వెళ్ళేవాళ్ళకి జాగ్రత్తలు

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో నర్సుగా చేస్తున్న అమ్మాయికి మొన్న స్పీకింగ్‌లో 6 వచ్చింది. ఆమెకి కావలసింది 7. ఇంగ్లిష్ గడగడా మాట్లాడుతుంది, భయం కూడా లేదు. ఎక్కడ పోయిందో అర్థం కాక మా ఇంటికి వచ్చింది. పరీక్షలో అడిగిన ఊహ ప్రశ్ననే మళ్ళీ అడిగి, ఫోన్‌లో రికార్డు చేశాను. మీ ఊళ్ళో ఒక్కటి మార్చగలిగితే ఏం మారుస్తారు అన్నది ప్రశ్న.

ఆమె జవాబు ఇలా మొదలైంది: "ఇఫ్ ఐ కుడ్ చేంజ్ వన్ థింగ్, ఐ వుడ్ బిల్డ్ ఎ బ్రిడ్జ్ టు ద లంక విలేజెస్." చక్కటి వాక్యం. తర్వాతివి చూడండి: "దెన్ చిల్డ్రన్ విల్ గో టు స్కూల్ ఈజీలీ. దే విల్ నాట్ వెయిట్ ఫర్ ద బోట్. ఫార్మర్స్ కెన్ సెల్ దెయిర్ కోకోనట్స్ ఫాస్ట్." వంతెన ఇంకా ఊహలోనే ఉంది, వాక్యాలు మాత్రం అది కట్టేసినట్టు మాట్లాడుతున్నాయి. ఒక నిమిషం రికార్డులో 'వుడ్' ఒక్కసారి, 'విల్' ఐదుసార్లు.

నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమందిని ముంచుతున్నది ఇదే. మొదటి వాక్యం బట్టీ పట్టి ఉంటారు కాబట్టి బాగానే వస్తుంది, రెండోదాన్నుంచి జారిపోతారు. ఈ పరీక్షలో గ్రామర్‌కి నాలుగో వంతు మార్కులు. అందులో 7 రావాలంటే తప్పులేని వాక్యాలు తరచుగా పడాలి. జారిన ప్రతి 'విల్' ఒక వాక్యాన్ని ఆ లెక్కలోంచి తీసేస్తుంది. ఎగ్జామినర్ ఆపి దిద్దడు, అందుకే బయటికి వచ్చాక బాగా చెప్పామనే అనుకుంటారు.

ఎందుకు జారుతారంటే, తెలుగులో బరువంతా 'ఉంటే' అన్న మాట మోస్తుంది. "వంతెన ఉంటే పిల్లలు హాయిగా బడికెళ్తారు" అంటాం. 'వెళ్తారు' మామూలు మాటే, అయినా ఊహ అని అందరికీ తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. ఊహ నడిచినంత సేపు ప్రతి క్రియ దగ్గరా ఆ గుర్తు ఉండాలి. అయితే మనకీ ఒక రూపం ఉంది: "డబ్బుంటే ఇచ్చేదాన్ని" అంటాం కదా, అది. మనసులో వెళ్తారు, అమ్ముతారు అని కాకుండా వెళ్ళేవాళ్ళు, అమ్ముకునేవాళ్ళు అని తిప్పుకోండి. తెలుగులో ఆ రూపం వస్తే ఇంగ్లిష్‌లో 'వుడ్' దానంతట అదే గుర్తొస్తుంది. ఆ అమ్మాయి రెండో రోజు ఇలా చెప్పింది: "చిల్డ్రన్ వుడ్ గెట్ టు స్కూల్ ఈజీలీ. దే వుడెంట్ హ్యావ్ టు వెయిట్ ఫర్ ద బోట్. ఫార్మర్స్ కుడ్ సెల్ దెయిర్ కోకోనట్స్ ఫాస్టర్." 'కెన్' కూడా 'కుడ్' అయింది, గమనించండి.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. భయంతో నిజాలకి కూడా 'వుడ్' తగిలిస్తారు. వరదలప్పుడు లంకల వాళ్ళు పడవ మీద దాటడం నిజం. "ఇన్ ద ఫ్లడ్స్ దే క్రాస్ బై బోట్" అని మామూలుగానే చెప్పాలి. మళ్ళీ ఊహలోకి రాగానే 'వుడ్'. ఇలా నిజానికీ ఊహకీ మధ్య తేడా చూపిస్తూ మాట్లాడితే జవాబు ఎంతో బాగుంటుంది.

ఇక మిగిలినవి.

ప్రశ్నలో 'వుడ్' వినిపిస్తే జవాబులో 'వుడ్'. 'విల్' వినిపిస్తే 'విల్'. చెవి అక్కడ పెట్టండి.

'ఇఫ్' ఉన్న ముక్కలో 'వుడ్' పెట్టకండి. "ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ మనీ" తప్పు, "ఇఫ్ ఐ హ్యాడ్ మనీ" అనాలి.

'ఇఫ్ ఐ వర్' అనడం మంచిది. 'వజ్' అని వచ్చేస్తే వదిలేయండి, మాటల్లో చెల్లుతుంది.

ప్రతి వాక్యాన్నీ 'ఇఫ్'తో మొదలుపెట్టకండి. ఒక్కసారి చాలు, తర్వాత 'వుడ్' ఒక్కటే నడిపిస్తుంది.

'విల్' జారిందా? అప్పటికప్పుడు ఒక్కసారి దిద్దుకుని ముందుకెళ్ళండి. సారీ చెప్పకండి.

"నాకలాంటి అవకాశం రాదు సార్" అనకండి. ఊహించమనే అడిగారు.

జవాబులు బట్టీ పట్టకండి. మూడో భాగంలో ఎగ్జామినర్ మీ మాటనే పట్టుకుని ఇంకో ప్రశ్న వేస్తాడు, బట్టీ అక్కడే తెగుతుంది.

పరీక్షకి వారం ముందు నుంచి రోజుకో ఊహ ప్రశ్న, ఒక్క నిమిషం, ఫోన్‌లో రికార్డు చేయండి. వినేటప్పుడు కాగితం మీద 'వుడ్'కి ఒక గీత, ఊహలో దొర్లిన 'విల్'కి ఒక గీత పెట్టండి. రెండో వాక్యం దగ్గర చెవులు రిక్కించండి. 'విల్' గీతలు పోయేదాకా అదే ప్రశ్న మళ్ళీ చెప్పండి.