తెల్లవారుజామున సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా అప్‌లోడ్ పోవడం లేదా? సమస్య - పరిష్కారం

సమస్య

కోనసీమలోనూ, కాకినాడ తీరంలోనూ టవర్ల పని చేసేవాళ్ళకి ఈ ఫిర్యాదు కొత్త కాదు. "ఫుల్ సిగ్నల్ చూపిస్తోందండీ, అవతలివాళ్ళ మాట నాకు వినపడుతోంది, నా మాటే వాళ్ళకి వినపడట్లేదండీ" అంటారు. రొయ్యల చెరువు గట్టున పెట్టిన కెమెరా వీడియో రాత్రి ఆగిపోయి, ఎండెక్కాక దానంతటదే వస్తుంది. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది సరిగ్గా ఆ వేళకే కాబట్టి రైతు ఊరుకోడు.

ఫోన్ మీద కనపడే గీతలు టవర్ నుంచి ఫోన్‌కి వచ్చే డౌన్‌లింక్ బలాన్నే చూపిస్తాయి. ఫోన్ పంపేది టవర్‌కి వినపడుతోందో లేదో వాటికి తెలియదు. ఇక్కడ తెగుతున్నది అప్‌లింక్.

టవర్ ఎక్కేముందు

అందరూ వదిలేసే చెకింగ్ ఇదే. అప్‌లింక్ ఇంటర్‌ఫియరెన్స్ కౌంటర్‌ని గంటగంటకీ తీసి, అదే సైట్‌లోని బ్యాండ్ 40నీ, బ్యాండ్ 3 లేదా 5నీ పక్కపక్కన పెట్టండి. రోజు సగటు చూస్తే ఏమీ తెలియదు. పగలు పదింటికి టవర్ ఎక్కి, కేబుల్, యాంటెన్నా కొలిచి, "అంతా బాగానే ఉంది" అని దిగిపోతారు. నిజమే, ఆ వేళకి అంతా బాగానే ఉంటుంది. రెండ్రోజులాగి రేడియో యూనిట్ మారుస్తారు, ఫిర్యాదు మళ్ళీ వస్తుంది.

ఒక్కో రిసోర్స్ బ్లాక్ మీద మామూలు శబ్దం -118 డీబీఎం దరిదాపుల్లో ఉండాలి. అర్ధరాత్రి దాటాక బ్యాండ్ 40 మీద అది -100 వైపు లేచి, ఎండ రాగానే దిగిపోతూ, బ్యాండ్ 3, 5 మాత్రం కదలకుండా ఉంటే కారణం మీ టవర్ మీద లేదు.

కారణం

బ్యాండ్ 3, 5 ఎఫ్‌డీడీ. వీటిలో ఎక్కే దారి, దిగే దారి వేర్వేరు ఫ్రీక్వెన్సీలు. బ్యాండ్ 5లో ఫోన్ 824-849 మెగాహెర్ట్జ్‌లో పంపితే టవర్ 869-894లో పంపుతుంది. బ్యాండ్ 40 టీడీడీ. ఒకటే ఫ్రీక్వెన్సీని ఇద్దరూ వంతులవారీగా వాడుకుంటారు. మన దేశంలో ఎక్కువగా కనిపించే వంతు ఇది, ఒక్కో అక్షరం ఒక మిల్లీసెకను, D అంటే డౌన్‌లింక్, U అంటే అప్‌లింక్:

```
D S U D D
```

జనం పంపేదానికంటే దింపుకునేది చాలా ఎక్కువ కాబట్టి డౌన్‌లోడ్‌కి మూడు, అప్‌లోడ్‌కి ఒకటి ఇచ్చారు. ఎఫ్‌డీడీలో రెండు దారులకీ సమాన వెడల్పు రాసిచ్చేసినట్టే, ఎక్కే దారి సగం ఖాళీగా ఉన్నా దిగేదానికి ఇవ్వలేం. టీడీడీ వాడేది ఈ వెసులుబాటు కోసమే.

D నుంచి U కి మారేచోట ఉన్న S లో 14 సింబల్స్ ఉంటాయి. 10:2:2 అనే సెట్టింగ్‌లో మొదటి పది డౌన్‌లింక్‌కి, రెండు ఖాళీ విరామం, చివరి రెండు అప్‌లింక్‌కి. ఒక్కో సింబల్ సుమారు 71 మైక్రోసెకన్లు, అంటే విరామం 143 మైక్రోసెకన్లు. అంతసేపట్లో రేడియో తరంగం దాదాపు 43 కి.మీ. పోతుంది. అంతకంటే దూరపు టవర్ మాట మీ టవర్ వినే వేళలో వచ్చి పడుతుంది. మామూలుగా అంత దూరం నుంచి వచ్చేసరికి దానికి బలమే ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు.

డెల్టాలో గాలి ఆడని రాత్రి లెక్క మారిపోతుంది. నేల చల్లబడి, సముద్రం మీద తేమగాలి కింద పరుచుకుని, దానిపైన పొడి వెచ్చటి గాలి నిలుస్తుంది. ఆ పొరల మధ్య తరంగం గొట్టంలో నీళ్ళలా చెదరకుండా పోతుంది. అడ్డుకోవడానికి తీరం పొడవునా కొండలు లేవు. ఇదే ట్రోపోస్ఫెరిక్ డక్టింగ్. అలాంటి రాత్రుల్లో ఎఫ్ఎం రేడియోలో దూరపు ఊళ్ళ స్టేషన్లు పలకడం కూడా దీనివల్లే. ఎఫ్‌డీడీకీ దూరపు సిగ్నల్ వస్తుంది, కానీ అది డౌన్‌లింక్ ఫ్రీక్వెన్సీలో వస్తుంది. టవర్ వినేది వేరేచోట కాబట్టి దానికి ఇబ్బంది లేదు.

ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం

సింబల్‌వారీ ఇంటర్‌ఫియరెన్స్ తీయండి. కాకినాడ పక్కన, తీరం వెంట నైరుతికి చూసే సెక్టార్ ఒకటి తీసుకుందాం. S చివరి రెండు అప్‌లింక్ సింబల్స్, వాటి వెనకొచ్చే U లో మొదటి మూడు పాడయ్యాయి, మిగతావి శుభ్రం. మొత్తం ఐదు సింబల్స్, 357 మైక్రోసెకన్లు. విరామం 143 కలిపితే 500. కాంతి వేగంతో లెక్కిస్తే 150 కి.మీ. మ్యాప్ మీద ఆ దిక్కున కొలిస్తే మచిలీపట్నం దగ్గరికి చేరతాం. నిజంగా తీసిన గ్రాఫ్‌లో అంత తెగ్గోసినట్టు ఉండదు. చాలా టవర్లు వేర్వేరు దూరాల నుంచి కలిసి కొడతాయి కాబట్టి మొదటి సింబల్స్‌లో ఎక్కువగా మొదలై వాలుగా దిగుతుంది. ఆ వాలే దీని గుర్తు.

వాలు లేకుండా U అంతా ఒకే ఎత్తున, రోజంతా ఉంటే జీపీఎస్ చూడండి. టీడీడీ టవర్లన్నీ ఒకే గడియారం మీద నడవాలి, తేడా 1.5 మైక్రోసెకన్లు దాటకూడదు. ఉప్పుగాలికి జీపీఎస్ యాంటెన్నా కనెక్టర్ పచ్చగా పట్టిపోవడం మన దగ్గర మామూలే.

పరిష్కారం

S ని 10:2:2 నుంచి 3:9:2 కి మార్చాలి. విరామం 643 మైక్రోసెకన్లు అవుతుంది, దాదాపు 190 కి.మీ. దాకా కాపలా ఉంటుంది. ఇక్కడే చాలామంది ఫెయిలవుతారు. మీ టవర్‌లో మాత్రమే మారిస్తే మీ అప్‌లింక్‌కి ఏమీ ఒరగదు. ఈ మార్పుతో తగ్గేది పంపే సింబల్స్. మీరు వినే వేళ ఎప్పటిలాగే ఉంటుంది. మీ మార్పు మచిలీపట్నం టవర్‌ని కాపాడుతుంది, అక్కడి మార్పు మిమ్మల్ని కాపాడుతుంది. దారి రెండు వైపులా ఒకటే కాబట్టి వాళ్ళకీ ఇదే ఫిర్యాదు ఉండి ఉంటుంది. రెండు వైపుల ఆప్టిమైజేషన్ టీములూ మాట్లాడుకుని, తీరం వైపు సెక్టార్లన్నీ ఒకేసారి మార్చాలి.

దీనివల్ల డౌన్‌లోడ్ సామర్థ్యం దాదాపు ఐదో వంతు పోతుంది. ఐదు మిల్లీసెకన్లకి 52 డౌన్‌లింక్ సింబల్స్ ఉండేవి 45 అవుతాయి, అందులోనూ S లో మిగిలే మూడింటిలో యూజర్ డేటా పట్టదు. అందుకని ఊరి మధ్య సెక్టార్లని కదపొద్దు. పక్కపక్క టవర్లలో ఒకటి 10:2:2, ఇంకొకటి 3:9:2 ఉన్నా గొడవ లేదు, ఒకరి డౌన్‌లింక్ ఇంకొకరి విరామంలోనే పడుతుంది.

వంతు మార్చడం మాత్రం అలా కాదు. "చెరువుల దగ్గర అప్‌లోడ్ ఎక్కువ కదా, ఈ ఒక్క టవర్‌కి DSUUD పెడదాం" అని అడుగుతుంటారు. నాలుగో మిల్లీసెకనులో మీ టవర్ వింటుంటే చుట్టుపక్కల టవర్లన్నీ పంపుతుంటాయి. 150 కి.మీ. నుంచి వచ్చే బెడదని రెండు కి.మీ. నుంచి, ప్రతి రాత్రీ పగలూ తెచ్చుకున్నట్టే. ఆ నిష్పత్తి బ్యాండ్ మొత్తానికి, ప్రాంతం మొత్తానికి కలిపి తీసుకోవాల్సిన నిర్ణయం.

సెట్టింగ్ మారేలోపు ఆ సెక్టార్లకి కొంచెం డౌన్‌టిల్ట్ ఇచ్చి, అప్‌లింక్ శబ్దం పెరిగితే యూజర్లని బ్యాండ్ 3, 5 కి తోసేలా పెట్టండి. చెరువు కెమెరా రౌటర్‌లో బ్యాండ్ లాక్ ఉంటే రైతే బ్యాండ్ 3 లేదా 5 పెట్టుకోవచ్చు. వేగం తగ్గినా వీడియో ఆగదు.

దొంగ బూస్టర్లు, తుప్పు జాయింట్ల గురించి ఇక్కడ తల బద్దలు కొట్టుకోవద్దు. బూస్టర్ వేళ చూడదు, తుప్పు జాయింట్ శబ్దం ట్రాఫిక్‌తో పాటు సాయంత్రం పెరుగుతుంది.

మార్చాక ఫలితాన్ని గాలి ఆడని రాత్రులతోనే పోల్చండి. గాలి గట్టిగా వీచిన రాత్రి ఏ సెట్టింగ్ పెట్టినా గ్రాఫ్ శుభ్రంగానే ఉంటుంది.