ఫర్మ్ నుంచి వచ్చిన డబ్బును పార్ట్‌నర్ తన రిటర్నులో ఎలా చూపించాలి?

ముందు ఫర్మ్ లెక్క తేలాలి, ఆ తర్వాతే పార్ట్‌నర్ రిటర్ను ముట్టుకోవాలి. ఈ వరుస తప్పడం వల్ల పాడైన రిటర్నులు ప్రతి ఏడాదీ నా దగ్గరకు వస్తూనే ఉంటాయి. పార్ట్‌నర్ బ్యాంకు స్టేట్‌మెంటు పట్టుకొస్తాడు, అందులో ఫర్మ్ నుంచి వచ్చిన జమలన్నీ కూడి ఎవరో ఆదాయంగా రాసేసి ఉంటారు. అవి చాలావరకు డ్రాయింగ్స్, అంటే తన క్యాపిటల్ ఖాతాలోంచి తాను తీసుకున్న సొమ్ము. డ్రాయింగ్స్ ఆదాయం కాదు. ఏడాదంతా పైసా తీసుకోకపోయినా క్యాపిటల్ ఖాతాలో వడ్డీ జమ పడితే అది ఆదాయమే. కాబట్టి చూడాల్సింది బ్యాంకు కాదు, లెడ్జరు.

ఇక్కడ చెప్పే సెక్షన్లు 1961 ఆదాయపు పన్ను చట్టంలోవి, 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయానికి ఇవే వర్తిస్తాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 చట్టం ఉంది, అందులో నంబర్లు వేరు.

కావలసినవి

పార్ట్‌నర్‌షిప్ డీడ్, తర్వాత రాసుకున్న సవరణ డీడ్లు ఉంటే అవి కూడా. ఫర్మ్ లాభనష్టాల ఖాతా, ఆదాయం లెక్కగట్టిన కాగితం, పార్ట్‌నర్ క్యాపిటల్ ఖాతా లెడ్జరు, పార్ట్‌నర్ పాన్ మీద Form 26AS. ఆడిట్ జరిగిన ఫర్మ్ అయితే Form 3CD తెప్పించుకోండి. వడ్డీ, రెమ్యునరేషన్‌లలో ఎంత చెల్లలేదో 21వ క్లాజులో ఉంటుంది.

మొదట మూడు కుప్పలు చేయండి

లెడ్జరులో పార్ట్‌నర్‌కు జమ పడినవాటిని వడ్డీ, రెమ్యునరేషన్, లాభంలో వాటా అని మూడుగా విడదీయండి. జీతం, బోనస్, కమిషన్ అని ఏ పేరు పెట్టినా రెమ్యునరేషన్ కుప్పలోకే వెళ్తుంది.

పన్ను లెక్కలో ఫర్మ్ ఒక వ్యక్తి, పార్ట్‌నర్ మరో వ్యక్తి. ఫర్మ్‌కు శ్లాబులు లేవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, వెరసి 31.2 శాతం. ఆదాయం కోటి దాటితే సర్‌చార్జి అదనం. ఇలా పన్ను కట్టేశాక మిగిలిన లాభాన్ని పార్ట్‌నర్లు పంచుకుంటారు. ఆ వాటా మీద మళ్లీ పన్ను వేస్తే ఒకే లాభానికి రెండుసార్లు కట్టినట్టవుతుంది. అందుకే సెక్షన్ 10(2ఎ) దాన్ని పార్ట్‌నర్ ఆదాయంలోంచి తీసేసింది. 1993-94 అసెస్‌మెంట్ సంవత్సరానికి ముందు పద్ధతి వేరు. అప్పట్లో రిజిస్టర్డ్ ఫర్మ్ కొంత పన్ను కట్టేది, పార్ట్‌నర్ తన వాటా మీద మళ్లీ కట్టేవాడు.

వడ్డీ, రెమ్యునరేషన్‌ల సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. ఫర్మ్ వాటిని ఖర్చుగా తగ్గించుకుంటుంది కాబట్టి ఆ సొమ్ము మీద ఫర్మ్ పన్ను కట్టలేదు, పార్ట్‌నర్ కట్టాలి. ఫర్మ్ దగ్గర ఖర్చుగా చెల్లనంత మేరకు పన్ను అక్కడే పడిపోయింది కాబట్టి పార్ట్‌నర్ దగ్గర పడదు. సెక్షన్ 28 ఐదో క్లాజు కింద ఉన్న షరతు చెప్పేది ఇదే. ఒక రూపాయి మీద పన్ను ఒకచోటే. ఈ ఒక్క మాట పట్టుకుంటే కింది లెక్కంతా దానంతటదే తేలుతుంది.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే: 40(బి) లెక్క

ఫర్మ్ ఇచ్చిందంతా ఖర్చుగా చెల్లదు. ఎంత చెల్లుతుందో తేల్చేది సెక్షన్ 40(బి). కాలిక్యులేటర్ తీసే ముందు డీడ్ చదవండి.

వడ్డీ ఇవ్వవచ్చని డీడ్‌లో ఉండాలి. డీడ్‌లో ఎంత శాతం రాసుకున్నా ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీకి మించింది చెల్లదు. రెమ్యునరేషన్ వర్కింగ్ పార్ట్‌నర్‌కే చెల్లుతుంది. పెట్టుబడి పెట్టి ఇంట్లో కూర్చున్న స్లీపింగ్ పార్ట్‌నర్‌కు ఎంతిచ్చినా చెల్లదు. డీడ్ తేదీకి ముందు కాలానికి ఇచ్చిందీ చెల్లదు. మార్చి నెలలో సవరణ డీడ్ రాసి ఏప్రిల్ నుంచి వర్తిస్తుందని అందులో రాసుకున్నా లాభం లేదు.

డీడ్‌లో 'పార్ట్‌నర్లు పరస్పరం అనుకున్నంత రెమ్యునరేషన్' అని రాసుకునేవాళ్లు కోకొల్లలు. అలా రాయకూడదు. మొత్తమైనా ఉండాలి, లెక్కగట్టే పద్ధతైనా ఉండాలని 1996 మార్చిలో ఇచ్చిన 739వ సర్క్యులర్‌లో ప్రత్యక్ష పన్నుల బోర్డు స్పష్టంగా చెప్పింది. ఏ పార్ట్‌నర్‌కు ఎంతో రూపాయల్లో రాసుకోమనే నేను చెబుతాను. 'అమల్లో ఉన్న 40(బి) పరిమితి మేరకు, ఇంత నిష్పత్తిలో' అని రాసుకోవడం రెండో దారి. ఈ రెండూ కాకుండా మూడో దారి లేదు.

2024-25 ఆర్థిక సంవత్సరం నుంచి పరిమితి పెరిగింది. బుక్ ప్రాఫిట్‌లో మొదటి 6,00,000 మీద 90 శాతం లేదా 3,00,000, ఏది ఎక్కువైతే అది. మిగిలినదాని మీద 60 శాతం. నష్టం వచ్చినా 3,00,000 వరకు చెల్లుతుంది. ఇది పార్ట్‌నర్లందరికీ కలిపి, ఒక్కొక్కరికి కాదు. అంతకు ముందు మొదటి శ్లాబు 3,00,000, కనీస మొత్తం 1,50,000 ఉండేవి. పాత డీడ్లలో ఆ పాత అంకెలనే అక్షరాలా దించి ఉంటారు. చట్టం పెంచినా డీడ్ పెంచలేదు కాబట్టి ఆ ఫర్మ్‌కు పాత మొత్తమే దక్కుతుంది.

బుక్ ప్రాఫిట్ అంటే లాభనష్టాల ఖాతా అడుగున కనిపించే అంకె కాదు. దానికి, ఖర్చు రాసిన రెమ్యునరేషన్ మొత్తాన్నీ, 12 శాతం దాటిన వడ్డీనీ తిరిగి కలపాలి. డిప్రిసియేషన్ లాంటివి ఆదాయపు పన్ను లెక్క ప్రకారం సవరించాలి. అద్దె లాంటి వ్యాపారేతర ఆదాయం ఉంటే తీసేయాలి. రెమ్యునరేషన్ తీసేశాక మిగిలిన లాభం మీదే 90 శాతం, 60 శాతం వేసి పరిమితిని బాగా తక్కువ చేసుకున్న లెక్కలు ఎన్నో చూశాను.

ఇద్దరు పార్ట్‌నర్లున్న ఫర్మ్ తీసుకుందాం. ఇద్దరూ పనిచేసేవాళ్లే, వాటాలు సమానం. పెద్దాయన క్యాపిటల్ 10,00,000, చిన్నాయనది 5,00,000. డీడ్ ప్రకారం వడ్డీ 15 శాతం, రెమ్యునరేషన్ ఒక్కొక్కరికి 5,25,000. ఈ రెండూ తీసేయకముందు లాభం 15,00,000.

పుస్తకాల్లో వడ్డీ కింద 1,50,000, 75,000 కలిపి 2,25,000 ఖర్చు రాశారు. 12 శాతం చొప్పున చెల్లేది 1,20,000, 60,000 కలిపి 1,80,000. కాబట్టి 45,000 చెల్లదు. రెమ్యునరేషన్ 10,50,000 కూడా తీసేశాక పుస్తకాల్లో మిగిలిన లాభం 2,25,000. దానికి 10,50,000, 45,000 కలిపితే బుక్ ప్రాఫిట్ 13,20,000.

మొదటి 6,00,000 మీద 90 శాతం 5,40,000. మిగిలిన 7,20,000 మీద 60 శాతం 4,32,000. మొత్తం పరిమితి 9,72,000. ఇచ్చింది 10,50,000 కాబట్టి 78,000 చెల్లదు. 13,20,000లో 9,72,000 పోగా ఫర్మ్ ఆదాయం 3,48,000, పన్ను 1,08,576.

డీడ్‌లో రూపాయల మొత్తానికి బదులు పాత శ్లాబు రాసి ఉంటే చెల్లేది 8,82,000 మాత్రమే. ఆ 90,000 తేడాకు ఫర్మ్ మీద 28,080 రూపాయల పన్ను అదనంగా పడేది. సవరణ డీడ్‌కు రెండు పేజీలు చాలు.

ఇప్పుడు పార్ట్‌నర్ లెక్క

పెద్దాయన ఖాతాలో వడ్డీ, రెమ్యునరేషన్ కలిపి 6,75,000 జమ పడింది. పన్నుకు లోబడేది 1,20,000 వడ్డీ, చెల్లిన రెమ్యునరేషన్‌లో సగం 4,86,000, కలిపి 6,06,000. మిగతా 69,000 మీద ఫర్మ్ ఇప్పటికే పన్ను కట్టింది. చిన్నాయన ఖాతాలో 6,00,000 జమ పడితే పన్నుకు వచ్చేది 5,46,000. పన్ను పోగా మిగిలిన లాభంలో ఒక్కొక్కరి వాటా 58,212, దాని మీద ఇక పన్ను లేదు.

రెమ్యునరేషన్ ఎందుకు, అంతా లాభంలో వాటాగా తీసుకుంటే మనకు పన్నే ఉండదు కదా అనేవాళ్లున్నారు. అది నష్టపు బేరం. ఈ పెద్దాయనకు వేరే ఆదాయం లేకపోతే కొత్త విధానంలో 2025-26కు 12,00,000 వరకు ఉన్న రిబేటు వల్ల 6,06,000 మీద కట్టాల్సింది సున్నా. అదే 6,06,000 ఫర్మ్‌లోనే ఉండిపోతే 31.2 శాతం చొప్పున 1,89,072 పోతుంది.

పార్ట్‌నర్ అప్పు తెచ్చి ఫర్మ్‌లో పెట్టి ఉంటే, ఆ అప్పు మీద కట్టిన వడ్డీని ఫర్మ్ నుంచి వచ్చిన వడ్డీలోంచి తగ్గించుకోవచ్చు. ఫర్మ్ అతనికి వడ్డీ గానీ రెమ్యునరేషన్ గానీ ఇవ్వక, లాభంలో వాటా ఒక్కటే ఇస్తుంటే తగ్గించుకోవడానికి వీల్లేదు. పన్ను లేని ఆదాయం కోసం పెట్టిన ఖర్చును సెక్షన్ 14ఎ ఒప్పుకోదు. ఫర్మ్‌కు నష్టం వస్తే అది ఫర్మ్ ఖాతాలోనే ముందుకు పోతుంది, పార్ట్‌నర్ తన ఆదాయంలో సర్దుకోలేడు.

ఫారం నింపడం

ITR-3 ఒక్కటే దారి. లాభంలో వాటా తప్ప ఇంకేమీ రాకపోయినా అదే. ఒక పార్ట్‌నర్‌కు ఎవరో రెమ్యునరేషన్‌ను జీతం కింద చూపించి, స్టాండర్డ్ డిడక్షన్ కూడా తీసి, ITR-1 వేసేశారు. రిటర్నులో లోపం ఉందని నోటీసు వచ్చాక నా దగ్గరకు వచ్చారు. డీడ్‌లో జీతం అని రాసినా చట్టం దృష్టిలో అది వ్యాపార ఆదాయం, స్టాండర్డ్ డిడక్షన్ రాదు. Schedule IFలో ఫర్మ్ పేరు, పాన్, వాటా శాతం, లాభంలో వాటా, మార్చి 31 నాటి క్యాపిటల్ నిల్వ రాయండి. వడ్డీ, రెమ్యునరేషన్ Schedule BPలోకి వెళ్తాయి. లాభంలో వాటాను లాభనష్టాల ఖాతాలో జమ చూపించి ఉంటే అక్కడే తీసేయాలి.

చివరగా Form 26AS. 2025 ఏప్రిల్ 1 నుంచి సెక్షన్ 194టి వచ్చింది. వడ్డీ, రెమ్యునరేషన్ కలిపి ఏడాదిలో 20,000 దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ పట్టాలి. క్యాపిటల్ ఖాతాలో జమ చేసినా పట్టాల్సిందే. డ్రాయింగ్స్ మీద, లాభంలో వాటా మీద పట్టకూడదు. ఈ టీడీఎస్ 40(బి) పరిమితిని చూడదు, జమ పడిన మొత్తం మీద పడుతుంది. అందుకే పెద్దాయన 26ASలో 6,75,000 ఆదాయం, 67,500 టీడీఎస్ కనిపిస్తాయి, రిటర్నులో మాత్రం 6,06,000 ఉంటుంది. కంగారుపడి రిటర్నును 6,75,000కు పెంచకండి, పెంచితే 69,000 మీద రెండుసార్లు కట్టినట్టే. ఆ 69,000 ఎలా వచ్చిందో, 30,000 వడ్డీ, 39,000 రెమ్యునరేషన్ అని ఒక కాగితం మీద రాసి, ఫర్మ్ ఆదాయపు లెక్క నకలుతో కలిపి పార్ట్‌నర్ ఫైల్లో పెట్టండి. తేడా ఎందుకని అడిగితే ఇవ్వాల్సిన జవాబు ఆ కాగితమే. 67,500 టీడీఎస్ మాత్రం మొత్తం చూపించుకోండి, పన్ను సున్నా అయిన పెద్దాయనకు అదంతా రీఫండుగా తిరిగొస్తుంది.