14 గేజ్ అడిగితే సన్నటి తీగ వచ్చింది: కారణం, పరిష్కారం

సమస్య: పాత వైరింగ్‌లో ఉన్నది 14 గేజ్ రాగి తీగ అని తెలుసుకుని, అదే సంఖ్య చెప్పి కొత్త కేబుల్ కొంటే, అది పాతదానికంటే సన్నగా కనిపిస్తుంది. మైక్రోమీటర్‌తో కొలిస్తే పాత తీగ వ్యాసం 2.03 మి.మీ., కొత్తది 1.63 మి.మీ. వస్తుంది. నాసిరకం సరుకు అంటగట్టారన్న అనుమానం సహజమే గాని, చాలాసార్లు రెండూ అసలైన 14 గేజ్ తీగలే అయివుంటాయి.

కారణం: గేజ్ పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. పాత తీగది ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ పద్ధతి, కొత్తదానిది ఏడబ్ల్యూజీ అనే అమెరికన్ పద్ధతి. రెండింటిలోనూ సంఖ్య పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది గాని, ఒకే సంఖ్యకు వచ్చే వ్యాసం వేరు. బ్రిటిష్ పద్ధతికి ఒకే సూత్రం లేదు కనుక పట్టికనే చూడాలి. అమెరికన్ పద్ధతిలో మాత్రం n గేజ్‌కు వ్యాసాన్ని మి.మీ.లలో ఇలా లెక్కించవచ్చు:

```
d = 0.127 × 92^((36 − n) / 39)
```

n స్థానంలో 14 వేస్తే 1.63 వస్తుంది. వ్యాసంలో 0.4 మి.మీ. తేడా స్వల్పమనిపిస్తుంది గాని, విద్యుత్తును మోసేది అడ్డుకోత వైశాల్యం. అది πd²/4 ప్రకారం పాత తీగకు 3.24, కొత్తదానికి 2.08 చదరపు మి.మీ. అంటే రాగి మూడో వంతుకు పైగా తగ్గింది. అదే కరెంటుకు అదే పొడవు తీగలో పుట్టే వేడి ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

పరిష్కారం: సరఫరా ఆపి, పాత తీగ ముక్క కత్తిరించి, ఇన్సులేషన్ పూర్తిగా ఒలిచి, ఒకే చోట రెండు దిశల్లో వ్యాసం కొలిచి సగటు తీసుకోండి. దానినుంచి వైశాల్యం కట్టి, కేబుల్‌ను చదరపు మి.మీ.లలోనే అడగండి. పై ఉదాహరణలో 12 ఏడబ్ల్యూజీ (2.05 మి.మీ., 3.31 చ.మి.మీ.) సరిపోతుంది. మెట్రిక్ సైజుల్లో 2.5 చాలదు కనుక దాని తర్వాతిదైన 4 చ.మి.మీ. తీసుకోవాలి. అయితే ఎంత కరెంటు తట్టుకుంటుందన్నది ఇన్సులేషన్‌పైనా, కేబుల్ వేసిన తీరుపైనా కూడా ఆధారపడుతుంది కాబట్టి, తయారీదారు పట్టికను తప్పక చూడండి. మరో విషయం: “2.5” అని రాసినది వైశాల్యమే గాని వ్యాసం కాదు, ఆ సైజు ఒంటి తీగ వ్యాసం 1.78 మి.మీ. మాత్రమే.

పోగులు పేనిన తీగైతే ఈ కొలత పనికిరాదు. 0.3 మి.మీ. పోగులు 36 ఉన్న తీగను కట్టగా కొలిస్తే, మధ్య ఖాళీల వల్ల 2 మి.మీ. దాటి, 12 ఏడబ్ల్యూజీ అనిపిస్తుంది. ఒక్క పోగు వైశాల్యం 0.0707, దాన్ని 36తో గుణిస్తే రాగి 2.54 చ.మి.మీ. మాత్రమే. అందుకే ఇక్కడ ఒక్క పోగును విడదీసి కొలిచి, పోగులన్నీ లెక్కపెట్టి, గుణించి చూడాలి.