దసరా పనులు మీద పడకముందే: నంబరు పడని పనికి "సరే" అనొద్దు

ఈమధ్య ఒక ఫ్రీలాన్స్ డిజైనర్‌కి 5,000 కరపత్రాలు వెనక్కొచ్చాయి. బట్టల షాపు పండగ ఆఫరు. మెయిల్లో వచ్చిన మ్యాటర్‌లో 40 శాతం అని ఉంది. రెండ్రోజుల తర్వాత ఓనరుగారి అబ్బాయి ఫోన్ చేసి, "40 కాదు బ్రదర్, 30 చేసెయ్" అన్నాడు. డిజైనర్ ఆ టైములో ఇంకొకరి ఫ్లెక్సు మీద ఉన్నాడు. "సరే బ్రదర్" అని ఫోన్ పెట్టేశాడు. రాత్రి ఫైనల్ చేసేటప్పుడు ముందున్నది మెయిలే కాబట్టి, అందులో ఉన్నట్టే చేసి ప్రెస్సుకి పంపాడు. "ఫోన్లో చెప్పాం కదా" అని షాపువాళ్లు అన్నారు. చెప్పారు కూడా. రెండో ప్రింటు ఖర్చు ఎవరి జేబులోంచి పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

దీన్ని మతిమరుపు అని కొట్టిపారేయడం తేలిక. కానీ సీజన్లో పదిమంది క్లయింట్లు మూడు దారుల్లో చెప్పేది ఎవరికీ గుర్తుండదు. అసలు తప్పు "సరే" అన్న క్షణంలోనే ఉంది. ఆ మాటతో క్లయింటు తల మీద బరువు దిగిపోయింది, అది ఎక్కడా రాసి లేదు. పని ఇక ఎవరి దగ్గరా లేదు. అందుకే ఈ జాగ్రత్తలన్నీ ఒక్కదాని చుట్టూనే తిరుగుతాయి: పనులు రాసుకునే షీటులో వరస నంబరు పడకుండా, ఏ దారిలో వచ్చిన పనికీ "సరే" అనొద్దు.

షీటు ఎలా ఉండాలి

గూగుల్ షీట్స్ చాలు. ఎనిమిది కాలమ్‌లు: నంబరు, వచ్చిన రోజు, క్లయింటు, చెప్పినవారు, ఎక్కడ, ఏం అడిగారు, గడువు, స్థితి. ఇంతకు మించి పెడితే హడావిడిలో నింపరు, నాలుగో రోజుకి షీటు మూలన పడుతుంది.

క్లయింటు ఉండగా మళ్లీ "చెప్పినవారు" ఎందుకంటే, షాపు ఒకటే అయినా ఓనరు ఒకటి చెబుతారు, అబ్బాయి ఇంకోటి, మేనేజరు మరోటి. రెండు మాటలు ఢీకొన్నప్పుడు ఎవరు ఎప్పుడు అన్నారో కనిపించాలి. "ఎక్కడ" అన్నచోట ఉత్త వాట్సాప్ అని రాస్తే లాభం లేదు. "వాట్సాప్ వాయిస్, మంగళవారం సా. 6:42" అని రాయండి, వెనక్కి వెళ్లి వెతుక్కోగలగాలి.

స్థితికి డ్రాప్‌డౌన్ పెట్టి ఐదే మాటలు ఇవ్వండి: కొత్తది, అడగాలి, చేస్తున్నా, ముగిసింది, రద్దు. వీటిలో ప్రాణం "అడగాలి". క్లయింటు నుంచి ఇంకా ఏదో రావాల్సి ఉన్న పని అది. మామూలుగా "కొత్తది"లో కలిసిపోయి, ప్రింటుకి గంట ముందు బయటపడుతుంది.

తేదీల దగ్గర ఒక మోసం ఉంది. షీటు లొకేల్, అంటే ఏ దేశం పద్ధతి అన్న సెట్టింగు, అమెరికాదైతే మీరు 05/10 అని కొట్టినది మే 10 అయిపోతుంది, ఎర్రగీత ఏమీ రాదు. 25/10 అని కొడితే అలాంటి నెల లేదు కనుక మామూలు అక్షరాల్లా ఉండిపోతుంది. అలాంటిది సెల్లో ఎడమవైపుకి జరిగి కనిపిస్తుంది, నిజం తేదీ కుడివైపు ఉంటుంది. ఒక్క తేదీ కొట్టకముందే `File > Settings > Locale` లో `India` పెట్టండి. తర్వాత మారిస్తే ముందు తప్పుగా పడినవి సరికావు.

మొదటి ట్యాబు పేరు `Pani` అనుకుంటే, రెండో ట్యాబులో A2లో ఈ ఒక్క ఫార్ములా పెట్టుకోండి. మిగిలిన పనులన్నీ గడువు వరసలో వస్తాయి:

```
=SORT(FILTER(Pani!A2:H, Pani!A2:A<>"", Pani!H2:H<>"ముగిసింది", Pani!H2:H<>"రద్దు"), 7, TRUE)
```

గడువు ఖాళీగా వదిలిన పని ఇందులో అట్టడుగుకి పోతుంది. అందుకే గడువు తెలియకపోతే మీరే ఒక తేదీ వేసి, స్థితి "అడగాలి" పెట్టండి.

అడిగిన ఒక్కోదానికీ ఒక్కో వరస

అదే బట్టల షాపు నుంచి నిమిషం నలభై సెకన్ల వాయిస్ వచ్చిందనుకోండి. "లోగో కొంచెం పెద్దది చెయ్యండి, ఫ్లెక్సు 10 బై 4 కాదు 8 బై 4, ఆఁ, బెంజ్ సర్కిల్ బ్రాంచి ఫోన్ నంబరు మారింది, పంపుతా." చాలామంది దీన్ని "షాపు కరెక్షన్లు" అని ఒక్క వరసలో రాసుకుంటారు. లోగో పెంచగానే చేతులు దులుపుకుంటారు. ఇవి మూడు వరసలు. 41: లోగో పెద్దది. 42: ఫ్లెక్సు వెడల్పు 8 అడుగులు, ఎత్తు 4 అడుగులు (బై అని రాసుకోవద్దు, ఏది వెడల్పో రాయండి). 43: బ్రాంచి నంబరు మార్పు, స్థితి "అడగాలి", ఎందుకంటే కొత్త నంబరు రాలేదు.

మర్నాడు ఆ 30 శాతం ఫోన్ వచ్చింది. ఇది ఒక మార్పులా వినిపిస్తుంది. కానీ 40 అనే అంకె కరపత్రంలో ఉంది, ఫ్లెక్సులో ఉంది, ఇన్‌స్టా పోస్టులో ఉంది. కాబట్టి 44, 45, 46. ఒకచోట మార్చి రెండుచోట్ల వదిలేస్తే కరపత్రం పట్టుకుని షాపుకొచ్చిన మనిషికి గుమ్మం దగ్గర ఇంకో అంకె కనిపిస్తుంది.

పాత వరసని దిద్దొద్దు. 40 శాతం అన్న వరసకి స్థితి "రద్దు" పెట్టి, "ఏం అడిగారు" చివర "44 చూడు" అని చేర్చి వదిలేయండి, కొత్తది కింద రాయండి. దిద్దేస్తే, ఓనరు "నేను 40 అన్నానుగా" అన్న రోజు మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

ఫోన్ పెట్టేశాక రెండు నిమిషాలు

కాల్లో "సరే" బదులు అనాల్సిన మాట ఇది: "రాసి పంపుతాను, చూసి చెప్పండి." ఫోన్ పెట్టగానే, ఇంకో కాల్ ఎత్తకముందే, వరసలు రాసి అదే మనిషికి వాట్సాప్‌లో పెట్టండి:

"బ్రదర్, ఇప్పుడు చెప్పినవి రాసుకున్నా. 44: కరపత్రంలో 40 తీసి 30 శాతం. 45: ఫ్లెక్సులో కూడా 30. 46: ఇన్‌స్టా పోస్టులో కూడా 30. నాన్నగారికి ఇదే ఓకే కదా? బెంజ్ సర్కిల్ నంబరు (43) ఇంకా రాలేదు. మీరు ఓకే అని పెడితే మొదలుపెడతా."

ఇందులో రెండు పనులు జరుగుతాయి. గాలిలో మాట కాగితం మీదికి వస్తుంది, ఓకే చెప్పే బాధ్యత వాళ్ల వైపు వెళ్తుంది. జవాబు రాకపోతే స్థితి "అడగాలి"లోనే ఉంచండి. కాల్ రికార్డింగు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. దాన్ని గొడవయ్యాక తప్ప ఎవరూ రెండోసారి వినరు.

వాట్సాప్‌ని నమ్మి కూర్చోవద్దు

స్టార్ పెట్టడం, అన్‌రెడ్‌గా మార్చడం, చాట్ పిన్ చెయ్యడం, ఇవేవీ రాసుకోవడం కిందికి రావు. ఒక్కోటి ఒక్కో అర షీటు. అర షీట్లు మూడుంటే ఏది పూర్తిదో మీకే తెలియదు.

పంపిన మెసేజీని 15 నిమిషాల వరకు మార్చుకునే వీలు వాట్సాప్‌లో ఉంది. మార్చినప్పుడు కొత్త మెసేజీలా మోగదు, పక్కన `Edited` అని చిన్నగా పడుతుందంతే. మీరు రెండో నిమిషంలో కాపీ చేసుకున్న అంకె పదో నిమిషంలో మారి ఉండొచ్చు. పని మొదలుపెట్టే ముందు ఆ మెసేజీ మళ్లీ ఒకసారి చూడండి. క్లయింటు డిసప్పియరింగ్ మెసేజీలు ఆన్ చేసి ఉంటే 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో, ఆన్ చేశాక వచ్చిన మెసేజీలు పోతాయి. మ్యాటర్‌ని వరసలోకి కాపీ చెయ్యండి. చూసి మళ్లీ టైపు చెయ్యొద్దు, ఫోన్ నంబర్లయితే అసలే వద్దు.

ఇప్పటికే చెల్లాచెదురుగా ఉంటే

ఆరు నెలల చరిత్ర తవ్వొద్దు, మధ్యలోనే వదిలేస్తారు. ఒక పూట కేటాయించి, వెనక్కి 14 రోజులే చూడండి. జీమెయిల్లో `in:inbox newer_than:14d` అని వెతికి, చదివినవి కూడా తెరవండి. చదివి మర్చిపోయినవే ఎక్కువ ముంచుతాయి. పాత సబ్జెక్టు కిందే కొత్త పని అడిగే మెయిళ్లు అక్కడే దొరుకుతాయి. తర్వాత వాట్సాప్, ఆర్కైవ్ చేసిన చాట్లతో సహా. ఆఖర్న కాల్ లిస్టు: ఏం మాట్లాడారో గుర్తురాని ప్రతి కాల్‌కీ "ఆ రోజు చెప్పినవి ఇవేనా?" అని మెసేజీ పెట్టండి. కాస్త మొహమాటంగా ఉంటుంది, పెట్టండి.

ఇక సీజన్ మొదలయ్యాక:

- బండి మీద ఉన్నప్పుడు పని మాట్లాడొద్దు. "ఒక్క లైను వాట్సాప్‌లో పెట్టండి సార్" అని పెట్టేయండి.
- నంబరు పడకుండా సరే అనొద్దు. వాట్సాప్‌లో బొటనవేలు ఎమోజీ కూడా సరే కిందే లెక్క.
- "రేపు కాక ఎల్లుండి", "పండక్కి ముందు", "ఈ వారంలో" అని గడువు కాలమ్‌లో రాయొద్దు. తేదీ, టైము.
- డాలస్ క్లయింటు "శుక్రవారం సాయంత్రం 5" అంటే మనకి శనివారం తెల్లవారుజామున 3:30. నవంబరు మొదటి ఆదివారం తర్వాత 4:30. గడువు మన టైములో రాయండి.
- షీటు లింకు క్లయింటుకి ఇవ్వొద్దు. ఫిల్టరు పెట్టినా, వరసలు దాచినా మిగతావాళ్ల పనులు కనిపిస్తాయి. అతని వరసలు కాపీ చేసి పంపండి.
- రెండో షీటు తెరవొద్దు. "అర్జెంటువి" అని విడిగా అస్సలు వద్దు.
- ఒకే అంకె మీద ఇద్దరు చెరో మాట చెబితే మీరు తీర్పు చెప్పొద్దు. ఇద్దరినీ ఒకే మెసేజీలో అడగండి.
- "చిన్న మార్పే కదా" అన్నదానికీ నంబరే. 40, 30 అయింది కూడా చిన్న మార్పే.
- రాత్రి పడుకునే ముందు "అడగాలి" వరసలన్నీ ఒకసారి అడిగెయ్యండి. క్లయింటుకి ఒకే మెసేజీ, పది కాదు.
- మళ్లీ చెబుతున్నా, ఓనరే స్వయంగా ఫోన్ చేసినా సరే: నంబరు పడకుండా సరే అనొద్దు.
- ప్రెస్సుకి ఫైలు పంపే ముందు క్లయింటు పేరుతో ఫిల్టరు పెట్టండి. 41 నుంచి 46 దాకా ఒక్కోటీ ఫైలు మీద వేలు పెట్టి చూసుకోండి. 43 ఇంకా "అడగాలి"లోనే ఉందా? ఫైలు కదలకూడదు, ప్రెస్సువాళ్లు ఎన్నిసార్లు ఫోన్ చేసినా.